ఫొటోలో గ్రాఫు: కంటికి కనిపించేది ఎంత, మనం చేర్చేది ఎంత

(చూపులేని విద్యార్థుల కోసం గణిత పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలకు వర్ణనలు రాసే వాలంటీర్ల శిక్షణ తరగతిలో ఒక గణిత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీ అందరికీ ఒకే ఫొటో పంపాం, ఫోన్లో తెరిచి పెట్టుకోండి. ఈ పూట మనం ఆ ఒక్క బొమ్మతోనే గడుపుదాం.

ఒక అకరణీయ ప్రమేయం గ్రాఫు అది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి కింది వైపు నుంచి ఫోన్ కొంచెం వంచి తీశారు. అందుకే పేజీ పైభాగం ఇరుకుగా, కింది భాగం వెడల్పుగా కనిపిస్తోంది. ఎడమ అంచు పుస్తకం కుట్టు దగ్గర లోపలికి వంగింది, అక్కడ నీడ కూడా పడింది. బొమ్మ కింద సూత్రం ఉండాల్సిన వరుస ఫొటోలో తెగిపోయింది. మనకు వచ్చే ఫొటోల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి కావాలనే దీన్ని ఎంచుకున్నాను.

ఈ బొమ్మ గురించి విద్యార్థికి నాలుగు సంగతులు కావాలి. వక్రం అక్షాలను ఎక్కడ ఖండిస్తోంది, ఎక్కడ మలుపు తిరుగుతోంది, అనంతస్పర్శరేఖలు ఏవి, ప్రమేయం ప్రదేశం ఏది. ఈ నాలుగూ ఒకే రకం సంగతులు కావు. ఖండన బిందువులు, మలుపులు బొమ్మలో కంటికి కనిపిస్తాయి. అనంతస్పర్శరేఖ, ప్రదేశం మాత్రం ఏ బొమ్మలోనూ పూర్తిగా కనిపించవు. x ఎంత పెరిగినా ఏమవుతుందో చెప్పేది అనంతస్పర్శరేఖ. కాగితం చూస్తే 10 దగ్గరే అయిపోయింది. కాబట్టి ఏది బొమ్మలో చూసి రాశామో, ఏది పుస్తకం మాట మీద రాశామో, ఏది మన ఊహో వర్ణన చదివేవాళ్లకు తెలియాలి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు అక్షాల సంగతి. వక్రం జోలికి పోకముందే రెండు అక్షాల మీద అంకెలు చదవండి. x-అక్షం మీద ఒక్కో గడికి 1. y-అక్షం చూడండి: 2, 4, 6 అని ఉంది, అంటే గడికి 2. ఈ తేడా పట్టుకోకపోతే తర్వాత రాసే ప్రతి నిరూపకమూ తప్పే. పాఠ్యపుస్తకాల్లో ఇది చాలా మామూలు. పొడుగైన గ్రాఫును పేజీలో పట్టించడానికి y స్కేలు కుదిస్తారు. ఏటవాలు గీతల వాలు కూడా దీనివల్ల మారి కనిపిస్తుంది. ఈ బొమ్మలోని ఏటవాలు చుక్కల గీత రెండు గడులు కుడికి జరిగితే ఒక గడి పైకి ఎక్కుతోంది. చూడగానే వాలు అర అనిపిస్తుంది. స్కేలు ప్రకారం లెక్కేస్తే 2 కుడికి, 2 పైకి. వాలు 1.

ఇప్పుడు ఫొటో వంపు. చదునుగా ఉన్న కాగితాన్ని ఏ కోణంలో ఫొటో తీసినా సరళరేఖ సరళరేఖగానే పడుతుంది. దూరాల నిష్పత్తులు మాత్రం నిలవవు. కాగితం మీద సమానంగా ఉన్న గడులు ఫొటోలో పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. కాగితం మీద మధ్యబిందువు ఫొటోలో మధ్యన ఉండదు. అందుకని స్క్రీన్ మీద స్కేలు పెట్టి సెంటీమీటర్లలో కొలవకండి. మూలబిందువు నుంచి గడులు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. చివరికి బిందువు ఏ గడిలో పడిందో తెలిశాక, ఆ ఒక్క గడి లోపల సగమా, మూడో వంతా అని కంటితో అంచనా కట్టండి. ఒక్క గడిలో వంపు ప్రభావం చాలా తక్కువ కాబట్టి ఆ అంచనా పనికొస్తుంది.

కుట్టు దగ్గర పరిస్థితి వేరు. అక్కడ కాగితమే వంగింది, సరళరేఖలు కూడా వంగుతాయి. మన బొమ్మలో ఏటవాలు చుక్కల గీత ఎడమ చివర కొంచెం కిందికి జారినట్టుంది, చూశారా? నిజంగా జారిందా, కాగితం వంపా అని తేల్చుకోవడానికి పక్కనున్న గడుల గీతలు చూడండి. అవీ అదే తీరున వంగాయి. ఆ గీత (-2, 0), (0, 2), (2, 4), (4, 6) దగ్గర సరిగ్గా గడుల మూలల మీదుగానే పోతోంది. గడుల మూలలను నమ్మండి, ఆకారాన్ని కాదు. అది సరళరేఖే, దాని సమీకరణం y = x + 2. అలాగే x = 3 దగ్గరి నిలువు చుక్కల గీత ఫొటోలో పైన ఎడమకి ఒరిగినట్టుంది. దాని పక్కనున్న నిలువు గడి గీతలూ ఒరిగాయి కాబట్టి అది నిలువు గీతే.

సరే, వక్రం దగ్గరికి వద్దాం. రెండు ముక్కలుగా ఉంది. ఎడమ ముక్క అడుగున ఎడమ మూల నుంచి బయల్దేరి ఏటవాలు గీతకు కొంచెం కిందుగా పైకి వస్తోంది. x-అక్షాన్ని -1 దగ్గర దాటుతుంది. అక్కడ నిలువు గడి గీతా, x-అక్షమూ, వక్రమూ ఒకే చోట కలుస్తున్నాయి కాబట్టి అనుమానం లేదు. తర్వాత y-అక్షాన్ని మొదటి గడిలో దాటుతుంది. ఈ బిందువు దగ్గర ఆగుదాం.

ఆ బిందువు గడిలో దాదాపు మూడో వంతు ఎత్తులో ఉంది. గడి విలువ 2 కాబట్టి 0.6, 0.7 ప్రాంతం. ఇక్కడ మీరేం రాస్తారు? 0.67 అని రాసేవాళ్లుంటారు. ఫొటోలోని గీత మందమే గడిలో పదో వంతు ఉంది. అంటే 0.2 వరకు అనిశ్చితి ఉన్నట్టే. రెండో దశాంశం రాస్తే, బొమ్మ ఇవ్వని కచ్చితత్వాన్ని మనం ఇచ్చినట్టవుతుంది. "సుమారు 0.7" అని రాయండి. x-అక్షం మీద -1 కి "సుమారు" అక్కర్లేదు. రెండింటికీ ఒకే మాట వాడితే దేన్ని ఎంత నమ్మాలో చదివేవాళ్లకు తెలియదు.

y-అక్షం దాటాక వక్రం ఇంకొంచెం ఎక్కి, x = 1 దగ్గర మలుపు తిరిగి దిగుతుంది. ఎత్తు అర గడి, అంటే 1. మలుపు దగ్గర వక్రం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఎత్తు చదవడం తేలిక, x విలువ చదవడమే కష్టం. శిఖరం 0.9 దగ్గరా, 1.1 దగ్గరా అన్నది కంటికి ఆనదు. ఖండన బిందువు దగ్గర ఇలా ఉండదు. అక్కడ వక్రం అక్షాన్ని కోసుకుంటూ పోతుంది, x స్పష్టంగా తెలుస్తుంది. అందుకే మలుపు బిందువు నిరూపకాల్లో మొదటిదాన్ని ఎప్పుడూ రెండోసారి సరిచూసుకోవాలి. ఎలాగో ఒక్క నిమిషంలో చెప్తాను.

శిఖరం దాటాక వక్రం 2 దగ్గర మళ్లీ x-అక్షాన్ని ఖండించి, x = 3 చుక్కల గీత పక్కన నిట్టనిలువుగా కిందికి దూకి బొమ్మ అంచు దాటిపోతుంది. కుడి ముక్క ఆ గీతకు అవతల పై అంచు నుంచి దిగుతుంది. x = 5 దగ్గర అడుగు తాకి, మళ్లీ ఎక్కుతూ ఏటవాలు గీతకు పైనుంచి దగ్గరవుతుంది. అడుగు ఎత్తు ఎంత? కింది గడుల సైజుతో కొలిస్తే 8 అనిపిస్తుంది, పై గడులు ఫొటోలో చిన్నవి కాబట్టి. గడులు లెక్కపెడితే నాలుగున్నర. అంటే 9.

ఇప్పుడు ఆ సరిచూసుకునే పద్ధతి. ఇలా ఒక నిలువు గీత, ఒక ఏటవాలు గీత మధ్య ఎదురెదురుగా రెండు ముక్కలున్న వక్రం చాలాసార్లు అతిపరావలయమే. అతిపరావలయానికి అనంతస్పర్శరేఖలు కలిసే బిందువే కేంద్రం, దాని చుట్టూ వక్రం సౌష్ఠవంగా ఉంటుంది. x = 3, y = x + 2 కలిసేది (3, 5) వద్ద. మనం చదివిన మలుపులు (1, 1), (5, 9). వాటి మధ్యబిందువు? మూడు, ఐదు. సరిపోయింది. మీరు అడుగు ఎత్తును 8 అని చదివి ఉంటే మధ్యబిందువు (3, 4.5) వచ్చేది, ఎక్కడో పొరపాటు జరిగిందని వెంటనే తెలిసేది. స్క్రీన్ మీద దూరాలతో చేస్తే ఈ పరీక్ష పనిచేయదు. గడులు లెక్కపెట్టి తెచ్చిన నిరూపకాలతోనే చేయాలి. వక్రం ఈ కోవది కాకపోతే కూడా ఈ పరీక్ష వర్తించదు, అది గుర్తుంచుకోండి.

మలుపుల విషయంలో ఇంకో సంగతి. ఈ బొమ్మలో స్థానిక గరిష్ఠం 1, స్థానిక కనిష్ఠం 9. గరిష్ఠం కన్నా కనిష్ఠం పైన ఉంది! బొమ్మ చూసేవాళ్లకు ఇందులో వింత కనపడదు, రెండూ వేర్వేరు ముక్కల మీద ఉన్నాయని ఎదురుగానే ఉంది. బొమ్మ చూడలేని విద్యార్థికి మాత్రం మన వాక్యం అచ్చుతప్పులా వినిపిస్తుంది. అందుకే "ఎడమ ముక్క మీద", "కుడి ముక్క మీద" అన్న మాటలు ఇక్కడ తప్పనిసరి. "స్థానిక" అన్న మాటా వదలకూడదు. కుడి ముక్క అంతా 9 కి పైనే ఉంది కాబట్టి 1 ప్రమేయం మొత్తానికి గరిష్ఠ విలువ కానే కాదు. 1 కి 9 కి మధ్య ఖాళీగా ఉన్న అడ్డపట్టీని కూడా ఒక వాక్యంలో చెప్పండి. వ్యాప్తి గురించి ప్రశ్న వస్తే విద్యార్థికి అదే ఆధారం.

ఇక అనంతస్పర్శరేఖలు. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే.

x = 7 దగ్గర వక్రానికీ ఏటవాలు గీతకీ నడుమ ఎడం అర గడి, అంటే 1. x = 10 దగ్గర పావు గడి కంటే కొంచెం ఎక్కువ. ఎడం తగ్గుతోందని బొమ్మ చెప్తోంది. సున్నా దాకా తగ్గుతుందని మాత్రం చెప్పడం లేదు, చెప్పలేదు కూడా. మరి అనంతస్పర్శరేఖ అని మనం ఎలా రాస్తున్నాం? పుస్తకం అక్కడ చుక్కల గీత గీసింది కాబట్టి. అది రచయిత ఇచ్చిన సాక్ష్యం. చుక్కల గీత లేని బొమ్మ వస్తే "ఈ గీతకు చేరువవుతున్నట్టు కనిపిస్తోంది" అనే రాయాలి.

ఎందుకింత పట్టుదల అంటే, ఒక ఉదాహరణ చెప్తాను. y = log x గ్రాఫు, సహజ సంవర్గమానం, x పది దాకా గీసి చూడండి. మొదట్లో నిటారుగా లేచి కుడివైపు బాగా చదునవుతుంది. x = 10 దగ్గర విలువ 2.3. ఏ 3 దగ్గరో అడ్డంగా అనంతస్పర్శరేఖ ఉందనిపిస్తుంది. లేదు. x వెయ్యి అయితే విలువ 6.9, పది లక్షలయితే 13.8. నెమ్మదిగా అయినా హద్దు లేకుండా పెరుగుతూనే ఉంటుంది. ఫొటోలో చదునుగా కనపడటం అనంతస్పర్శరేఖకు రుజువు కాదు. పైగా ఆ గ్రాఫుకు ఉన్న అసలు అనంతస్పర్శరేఖ x = 0, అంటే y-అక్షమే. ఉన్న అక్షం మీద ఎవరూ మళ్లీ చుక్కల గీత గీయరు కాబట్టి అది బొమ్మలో విడిగా కనపడదు. వర్ణనల్లో తరచూ జారిపోయేది కూడా అదే.

"వక్రం ఈ రేఖను ఎప్పటికీ తాకదు" అని కూడా రాయకండి. నిలువు గీత విషయంలో ఈ బొమ్మకు అది నిజమే, x = 3 దగ్గర ప్రమేయానికి విలువే లేదు. అడ్డ గీతలకు, ఏటవాలు గీతలకు అది నియమం కాదు. x ని x²+1 తో భాగించిన ప్రమేయానికి x-అక్షమే అనంతస్పర్శరేఖ, అయినా వక్రం మూలబిందువు దగ్గర ఆ అక్షాన్ని దాటుకునే పోతుంది. వక్రం ఏ వైపు నుంచి చేరువవుతోంది, పైనుంచా కిందనుంచా అన్నది రాయండి. అది కళ్లెదురుగా ఉన్న సంగతి, విద్యార్థికి ఉపయోగపడే సంగతి.

ప్రదేశం సంగతి ఇంతే. బొమ్మ -6 నుంచి 10 దాకా ఉంది కాబట్టి ప్రదేశం [-6, 10] అని రాయడం మామూలుగా జరిగే పొరపాటు. వక్రం చివర్లు చూడండి. బాణం గుర్తు ఉంటే ఇంకా సాగుతుందని అర్థం. నిండు చుక్క ఉంటే అక్కడ ఆగింది, ఆ బిందువు కూడా కలిసింది. బోలు వృత్తం ఉంటే ఆగింది, ఆ బిందువు కలవలేదు. మన ఫొటోలో కుడి చివర బాణం ఉంది. ఎడమ చివర కుట్టు నీడలో పడి ఏమీ తెలియడం లేదు. అప్పుడు "ఎడమ చివర ఫొటోలో స్పష్టంగా లేదు" అని రాసి, పేజీ మళ్లీ ఫొటో తీసి పంపమని అడగాలి.

అడిగాం, వచ్చింది. రెండో ఫొటోలో ఎడమ చివర కూడా బాణమే ఉంది, బొమ్మ కింద సూత్రమూ ఉంది:

f(x) = (x² - x - 2)/(x - 3)

ఇప్పుడు మనం చదివినవన్నీ తూకం వేసుకోవచ్చు. లవాన్ని (x + 1)(x - 2) గా విడగొడితే శూన్యాలు -1, 2. సరిపోయాయి. x = 0 పెడితే -2 ని -3 తో భాగించాలి, 2/3. మనం సుమారు 0.7 అన్నాం. భాగహారం చేస్తే x + 2 + 4/(x - 3). ఆ చివరి పదం x పెరిగేకొద్దీ సున్నాకు పోతుంది కాబట్టి y = x + 2 నిజంగానే అనంతస్పర్శరేఖ. అవకలజం 1 - 4/(x - 3)², అది సున్నా కావాలంటే x - 3 విలువ 2 గానీ -2 గానీ కావాలి. మలుపులు 5 దగ్గర, 1 దగ్గర. ప్రదేశం 3 తప్ప మిగిలిన వాస్తవ సంఖ్యలన్నీ.

సూత్రం దొరికింది కదా అని వర్ణనలో 0.7 తీసేసి 2/3 పెట్టకండి. బొమ్మ చూసే విద్యార్థికి బొమ్మలో 2/3 కనపడదు. సూత్రం పక్కనే ఉంటుంది, లెక్క వాళ్లే చేసుకుంటారు. సూత్రం మనకు ఉపయోగపడేది మన చదువు తప్పు కాలేదని తేల్చుకోవడానికి. ఆ సూత్రాన్ని రాసేటప్పుడు మాత్రం "x వర్గం మైనస్ x మైనస్ 2 బై x మైనస్ 3" అని రాయకండి. వినేవాళ్లకు ఎక్కడిదాకా లవమో తెలియదు. "లవం: x వర్గం మైనస్ x మైనస్ 2. హారం: x మైనస్ 3." అని విడదీయండి.

నేనైతే ఈ బొమ్మకు ఇలా రాస్తాను, వినండి.

"x-అక్షం -6 నుంచి 10 వరకు, గడికి 1. y-అక్షం -8 నుంచి 14 వరకు, గడికి 2. రెండు చుక్కల గీతలు ఉన్నాయి: x = 3 వద్ద నిలువు గీత; (-2, 0), (0, 2) గుండా పోయే ఏటవాలు గీత. ఇవి (3, 5) వద్ద కలుస్తాయి. వక్రం రెండు ముక్కలు, నిలువు గీతకు ఒక్కో వైపు ఒక్కటి. ఎడమ ముక్క ఏటవాలు గీతకు కొంచెం కిందుగా ఎడమ నుంచి పైకి వచ్చి, x-అక్షాన్ని -1 వద్ద, y-అక్షాన్ని సుమారు 0.7 వద్ద దాటి, సుమారు (1, 1) వద్ద మలుపు తిరిగి, x-అక్షాన్ని 2 వద్ద మళ్లీ ఖండించి, నిలువు గీత పక్కన కిందికి దిగి బొమ్మ దాటిపోతుంది. కుడి ముక్క నిలువు గీత పక్కన పైనుంచి దిగి, సుమారు (5, 9) వద్ద మలుపు తిరిగి, ఏటవాలు గీతకు పైనుంచి చేరువవుతూ పైకి పోతుంది. y విలువ 1 కి 9 కి మధ్య వక్రం ఎక్కడా లేదు. రెండు ముక్కల బయటి చివర్లలో బాణం గుర్తులు ఉన్నాయి."

క్రమం గమనించారా? ముందు చట్రం, తర్వాత చుక్కల గీతలు, ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి నడక. ఖండన బిందువులన్నీ ఒక చోట, మలుపులన్నీ ఒక చోట గుదిగుచ్చితే పట్టిక తయారవుతుంది గానీ, ఏది దాటాక ఏది వస్తుందో వినేవాళ్ల మనసులో పడదు.

ఎవరో చెయ్యి ఎత్తారు, అడగండి.

(శ్రోత: మేడమ్, వక్రం మధ్యలో ఒక బిందువు దగ్గర బోలు వృత్తం ఉంటే, అది ఫొటోలో మసకబారి నిండు చుక్కలా కనపడితే ఎలా పట్టుకోవాలి?)

సూత్రం ఉంటే లవ హారాలను కారణాంకాలుగా విడగొట్టండి. రెండింట్లో ఒకే కారణాంకం ఉండి, కొట్టేశాక అది హారంలో మిగలకపోతే అక్కడ వక్రానికి రంధ్రం ఉంటుంది, అనంతస్పర్శరేఖ కాదు. మన సూత్రంలో హారం x - 3 కాకుండా x - 2 అయి ఉంటే అది కొట్టుడుపోయి x + 1 అనే సరళరేఖ మిగిలేది, (2, 3) దగ్గర ఒక్క రంధ్రంతో. సూత్రం లేకపోతే అదే పుస్తకంలో వేరే పేజీల్లో నిండు చుక్కలు ఎలా అచ్చయ్యాయో చూసి పోల్చండి. అప్పటికీ తేలకపోతే "ఈ బిందువు దగ్గర చిన్న గుర్తు ఉంది, నిండుదో బోలుదో స్పష్టంగా లేదు" అని రాసి, మళ్లీ ఫొటో అడగండి.

(శ్రోత: అభ్యాసంలో ప్రశ్నే "గ్రాఫు చూసి మలుపు బిందువులు, అనంతస్పర్శరేఖలు, ప్రదేశం రాయండి" అని ఉంటే, మనం చెప్పేస్తే జవాబు ఇచ్చినట్టే కదండీ?)

మంచి ప్రశ్న. నేను చదివిన వర్ణనలో "స్థానిక గరిష్ఠం", "అనంతస్పర్శరేఖ", "ప్రదేశం" అన్న మాటలు ఒక్కటీ లేవు, మళ్లీ చూడండి. చుక్కల గీత అన్నాను, మలుపు తిరిగింది అన్నాను, బాణం గుర్తులు ఉన్నాయన్నాను. చూపున్న విద్యార్థికి కూడా బొమ్మ ఇచ్చేది అంతే. మలుపుల నిరూపకాలు చూపున్న విద్యార్థి గడులు లెక్కపెట్టి తెచ్చుకుంటాడు కాబట్టి అవి మనం ఇవ్వాల్సిందే. అందులో ఏది గరిష్ఠం, ఏ గీత అనంతస్పర్శరేఖ, ప్రదేశంలోంచి 3 ని ఎందుకు తీసేయాలి అన్నవి విద్యార్థి రాయాల్సిన జవాబులు. అదే బొమ్మ అభ్యాసంలో కాకుండా పాఠం మధ్యలో ఉండి, పాఠంలోనే ఆ పేర్లు వాడి ఉంటే అప్పుడు మీరూ ఆ పేర్లతోనే రాయండి. అందుకే బొమ్మ ఒక్కటే ఫొటో వస్తే పని మొదలుపెట్టకండి. బొమ్మ చుట్టూ ఉన్న పాఠమూ, దాని కింది ప్రశ్నలూ కనిపించేలా పేజీ మొత్తం ఫొటో తెప్పించుకోండి.